చంద్రకళల చార్టులు: ఆరో తరగతి గోడ మీదకు ఏది?

తొమ్మిదో తరగతి పిల్లలకు,

మీ ఐదు జట్లు గీసిన చంద్రకళల బొమ్మలను ల్యాబ్ బల్ల మీద పక్కపక్కనే పరిచి చూశాను. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం నాటికి వీటిలో ఒకటి ఆరో తరగతి గోడ మీదకు ఎక్కాలి. చంద్రుడు ఎందుకు పెరుగుతాడో, ఎందుకు తరుగుతాడో మొదటిసారి నేర్చుకునే పిల్లలు ఏడాదంతా దాన్నే చూస్తారు. అందుకే అందం సంగతి చివరికి వదిలేశాను. బొమ్మ నిజం చెబుతోందా, పేర్లు ఉండాల్సిన చోట ఉన్నాయా, ఇంతవరకూ ఈ పాఠం వినని పిల్లకు అర్థమవుతుందా అన్నవే ముందు చూశాను.

తుంగభద్ర జట్టు చార్టు గుమ్మంలోంచే కంటిని లాగుతుంది. రంగులు బాగా కుదిరాయి, అక్షరాలు ఇంకా బాగున్నాయి. అయినా దీన్ని గోడ మీద పెట్టలేం. భూమి వెనక నల్లటి నీడ గీసి, ‘నీడ పెరిగేకొద్దీ చంద్రుడు తగ్గును’ అని రాశారు. చంద్రకళలకూ భూమి నీడకూ సంబంధమే లేదు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే పడుతుంది. అష్టమి నాడు చంద్రుడు సూర్యుడికి 90 డిగ్రీలు పక్కగా ఉంటాడు, అక్కడికి ఆ నీడ చేరదు. నమ్మకం కుదరకపోతే శుక్ల పక్ష అష్టమి రోజు సాయంత్రం నాలుగింటికి గ్రౌండ్‌లో నిలబడండి. పడమట సూర్యుడు, తూర్పు వైపు బాగా పైకెక్కిన సగం చంద్రుడు ఒకేసారి కనిపిస్తారు. వెలిగే సగం సూర్యుడి వైపుకే తిరిగి ఉంటుంది. భూమి నీడ చంద్రుడి మీద పడేది పౌర్ణమి నాడు, గ్రహణం పట్టినప్పుడు. చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు. నీడ వల్లే చంద్రుడు తగ్గుతాడనుకునే పెద్దవాళ్లు ఎంతోమంది ఉన్నారు. బడి గోడ కూడా అదే చెబితే ఇక ఆ మాట పిల్లల బుర్రలోంచి పోదు. ఇంకో సంగతి, మీ నెలవంక కొమ్ముల మధ్య చుక్క పెట్టారు. అక్కడున్నది ఖాళీ కాదు, వెలుతురు పడని చంద్రుడే. ఆయన వెనకున్న చుక్క మనకెలా కనిపిస్తుంది?

కృష్ణ జట్టు చార్టులో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లని, అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29.5 రోజులని, కక్ష్య వాలు ఎంతో, అన్నీ సరిగ్గా రాశారు. ‘కొలత ప్రకారం గీయలేదు’ అని రాసింది మీరొక్కరే. దాని పక్కనే, భూమిని 1 సెంటీమీటరు గీస్తే చంద్రుణ్ని 30 సెంటీమీటర్ల దూరంలో గీయాలని చూపించారు. అది చూసి నిజంగా సంతోషించాను. కానీ పేర్లు చూపే గీతలు ఒకదాని మీదుగా ఒకటి పోయాయి. ‘కృష్ణ పక్ష అష్టమి’ గీత పట్టుకుని వెళ్తే పౌర్ణమి దగ్గర తేలాను. కొన్ని పేర్లు నిలువుగా రాశారు, మెడ వంచితే గానీ చదవలేం. ఆరో తరగతి పిల్ల మొదట ఎక్కడ చూడాలో ఈ చార్టు చెప్పదు. దీన్ని మీ తరగతి గదిలోనే ఉంచుదాం, అక్కడ బాగా పనికొస్తుంది.

పెన్న జట్టు తప్పు ఒక్కటే, కానీ అది చిన్నది కాదు. సూర్యుణ్ని ఎడమ పక్క పెట్టారు, అమావాస్యను ఆ పక్కనే గుర్తించారు, పౌర్ణమిని ఎదురుగా పెట్టారు. అంతవరకూ బాగుంది. ‘ఉత్తర ధ్రువం పైనుంచి చూసినట్టు’ అని మూలన రాశారు, అలా రాయడం చాలా అవసరం. అలా చూస్తే చంద్రుడు గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతాడు, మీ బాణాలూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఎడమ పక్కనున్న అమావాస్య మీద వేలు పెట్టి బాణం వెంట పోనివ్వండి. వేలు ముందు కిందికి దిగుతుంది. అంటే శుక్ల పక్ష అష్టమి కింద రావాలి. మీరు పైన రాశారు. సూర్యుడు కుడి పక్కనున్న బొమ్మలో అది పైనే వస్తుంది, అక్కడి పేర్లే ఇక్కడికి వచ్చినట్టున్నాయి. పై పేర్లు కిందికి, కింది పేర్లు పైకి మార్చండి.

గోదావరి జట్టు బొమ్మలో రంగులు రెండే. కుడి నుంచి వచ్చే కిరణాలు సమాంతరంగా ఉన్నాయి. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి అలా గీయడమే సరైనది. ఎనిమిది చోట్లా చంద్రుడి కుడి సగమే తెల్లగా ఉంది. చంద్రుడు ఎక్కడున్నా సగం వెలుగులోనే ఉంటాడన్న అసలు సంగతి ఇక్కడ చూడగానే తెలుస్తుంది. భూమి మీద ఒక పాపను నిలబెట్టి, ఆమె కంటి నుంచి ఒక్కో చంద్రుడికీ చుక్కల గీత గీసి, ఆ గీత చివర గడిలో ‘పాపకు ఇలా కనిపిస్తాడు’ అని మరో చంద్రుణ్ని వేశారు. పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో, నేల మీద నిలబడి చూస్తే ఎలా ఉంటుందో ఈ రెండూ కలిసిపోకుండా చూపింది మీరే. ఒక ఆరో తరగతి పాపకు ఈ చార్టు ఇచ్చి, ‘పౌర్ణమి నాడు సూర్యుడు ఎక్కడుంటాడు?’ అని అడిగాను. వేలితో గీత వెంట వెళ్లి, ‘పాప వీపు వెనక’ అంది.

కాకపోతే దిద్దాల్సినవి ఉన్నాయి. కృష్ణ పక్ష అష్టమి గడిలో కూడా కుడి సగమే తెల్లగా వదిలారు. లోపలి బొమ్మలో అది సరే, గడిలో మాత్రం ఎడమ సగం వెలగాలి. పాప ఆ చంద్రుణ్ని చూడాలంటే కిందివైపు తిరగాలి కదా. చార్టును తలకిందులుగా తిప్పి పట్టుకుంటే మీకే కనిపిస్తుంది. రెండు అష్టముల దగ్గరా ‘అర్ధచంద్రుడు’ అని ఒకే పేరు పెట్టారు. శుక్ల, కృష్ణ అని విడదీసి రాయండి. అమావాస్య గడి ఖాళీగా ఉంది. చంద్రుడు లేడనుకుంటారు, చుక్కల వలయం గీయండి.

మంజీర జట్టు సూర్యుణ్నీ భూమినీ గీయలేదు. ఎనిమిది చంద్రుళ్లను వరసగా వేశారంతే. కారణం చెప్పని బొమ్మ ఒక్కటే గోడ మీద ఉంటే చాలదు. అయితే మీ తొలి నెలవంక పడమటి దిక్కున, తాటిచెట్టు పైన, పడవలా వెల్లకిలా ఉంది. చాలా బొమ్మల్లో నెలవంక నిటారుగా నిలబడి ఉంటుంది. మన అక్షాంశాల్లో, ముఖ్యంగా ఫాల్గుణ, చైత్ర మాసాల్లో, సాయంత్రం నెలవంక మీరు గీసినట్టే ఉంటుంది. మీరు ఆకాశాన్ని చూసి గీశారు. ఆ ఒక్క బొమ్మ కోసం మీ చార్టును నేను పక్కన పెట్టలేను.

కాబట్టి గోడ మీదకు గోదావరి జట్టు బొమ్మ వెళ్తుంది, పైన చెప్పిన మూడూ దిద్దాక. దాని కింద మంజీర జట్టు నెలవంక, తాటిచెట్టుతో సహా. ‘కొలత ప్రకారం గీయలేదు’ అన్న మాట కృష్ణ జట్టుది, ‘ఉత్తర ధ్రువం పైనుంచి చూసినట్టు’ అన్నది పెన్న జట్టుది, రెండూ కుడి మూలన వస్తాయి. అక్షరాలు రాయాల్సింది తుంగభద్ర జట్టు. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఆరో తరగతి గదికి రండి. ముందు పెన్సిల్‌తోనే గీయాలి. అష్టమి గడులు రెండూ నేను చూశాకే రంగు డబ్బా మూత తీయండి.

మీ భౌతికశాస్త్రం సార్