రేపు, ఎల్లుండి 1, 2 తరగతులకు సెలవు: తల్లిదండ్రులందరూ తప్పక చదవండి

అందరికీ నమస్కారం.

రేపు గురువారం (18), ఎల్లుండి శుక్రవారం (19) ఒకటి, రెండు తరగతులకు స్కూలు లేదు. మళ్ళీ సోమవారం, 22న మామూలు టైముకే. మూడో తరగతి నుంచి పైవాళ్ళకు క్లాసులు ఉన్నాయి, బస్సులూ తిరుగుతాయి.

స్కూలు ఆఫీసు నుంచి ఇప్పుడే రెండు పేజీల సర్క్యులర్ వచ్చింది. కింద "ఫార్వర్డ్" అని ఒక్క మాటే ఉంది. అలాగే పంపేస్తే ఈ హడావుడిలో సెలవు సంగతి కొందరి కంట పడదేమోనని ముఖ్యమైనవి తెలుగులో రాస్తున్నాను. అసలు సర్క్యులర్ దీని కిందే పెడుతున్నాను. దేనికైనా అదే లెక్క.

సెలవు ఎందుకంటే, రెండో తరగతి బి సెక్షన్‌లో ముగ్గురికి, ఒకటో తరగతిలో ఇద్దరికి హ్యాండ్, ఫుట్ అండ్ మౌత్ డిసీజ్ అని డాక్టర్లు చెప్పారట. ఇది వైరస్ వల్ల వస్తుంది, చిన్నపిల్లల్లో తొందరగా అంటుకుంటుంది. పశువులకు వచ్చే గాలికుంటుకీ దీనికీ సంబంధం లేదు, దయచేసి ఆ మెసేజ్‌లు నమ్మకండి. చాలామంది పిల్లలకు 7 నుంచి 10 రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. వైరస్ ఒంట్లో చేరాక సాధారణంగా 3 నుంచి 6 రోజులకు బయటపడుతుంది కాబట్టి ఈరోజు హుషారుగా ఉన్న పిల్లల్ని కూడా ఈ నాలుగు రోజులూ గమనిస్తూ ఉండాలి.

ఈ రాత్రి పడుకునే ముందు మంచి వెలుతురులో అరచేతులు, అరికాళ్ళు, నోటి లోపల ఒకసారి చూడండి. మొదట జ్వరం, గొంతు నొప్పి. ఒకటి రెండు రోజులకు నాలుక మీద, బుగ్గల లోపల చిన్న పుళ్ళు. తర్వాత చేతుల మీద, కాళ్ళ మీద ఎర్రటి మచ్చలు, కొందరికి నీటి పొక్కులు. పిర్రల మీద కూడా రావచ్చు. మాటల్లో చెప్పలేని పిల్లలైతే ముద్ద నోట్లో పెట్టగానే ఏడుస్తారు, చొంగ కారుస్తారు. అలా ఉంటే మొండి చేస్తున్నారని కోప్పడకండి, నోరు నిజంగానే మండుతుంది.

ఇక్కడి నుంచి రెండు పేరాలు సర్క్యులర్‌లో లేవు, అయినా చెప్పాలనిపించింది. యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు, సొంతంగా వాడొద్దు. జ్వరానికి పారాసిటమాల్ అయినా పిల్లల బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ఆస్పిరిన్ అసలు వద్దు. అన్నిటికంటే పెద్ద భయం ఒంట్లో నీరు తగ్గిపోవడం. నోటి నొప్పికి పిల్లలు నీళ్ళు కూడా వద్దంటారు. చల్లగా, కారం పులుపు లేనివి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. ఒంటేలు బాగా తగ్గినా, మరీ మగతగా ఉన్నా, జ్వరం మూడు రోజులు దాటినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

శానిటైజర్ ఒక్కటే చాలదు. ఈ వైరస్‌కి సబ్బు, నీళ్ళే మేలు. టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, చిన్నవాళ్ళ డైపర్ మార్చాక కనీసం 20 సెకన్లు చేతులు రుద్ది కడగాలి. పిల్లలు కోలుకున్నాక కూడా కొన్ని వారాల పాటు మలంలో వైరస్ ఉంటుంది కాబట్టి ఈ అలవాటు మానొద్దు. గర్భవతులు ఇంట్లో ఉంటే ఒకసారి తమ డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.

మళ్ళీ సర్క్యులర్ విషయానికి వస్తే: జబ్బు చేసిన పిల్లలు మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండి, పొక్కులు ఎండిపోయాకే స్కూలుకి రావాలి. వాళ్ళు మాత్రమే డాక్టర్ లెటర్ తేవాలి, మిగతావాళ్ళకు అక్కర్లేదు. శుక్రవారం జరగాల్సిన లెక్కల టెస్ట్ బుధవారం, 24కి మారింది. సోమవారం నుంచి ఎవరి వాటర్ బాటిల్ వాళ్ళదే, పేరు రాసి పంపండి. పెద్ద క్లాసుల్లో చదివే అక్కకో అన్నకో జ్వరం గానీ మచ్చలు గానీ ఉంటే వాళ్ళనీ ఇంట్లోనే ఉంచాలి.

మీ పిల్లల్లో లక్షణాలు కనిపిస్తే క్లాస్ టీచర్‌కి విడిగా మెసేజ్ పెట్టండి. పిల్లల ఫోటోలు గ్రూపులో వద్దు. ఆ ఐదుగురు ఎవరని దయచేసి ఎవరూ అడగొద్దు. వాళ్ళ అమ్మానాన్నలూ ఇక్కడే ఉన్నారు, ఇప్పటికే చాలా టెన్షన్‌లో ఉన్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

చదివినవాళ్ళు ఒక థంబ్సప్ పెట్టండి. రాత్రి 9 లోపు పెట్టనివాళ్ళకు నేనే ఫోన్ చేస్తాను, పొద్దున్నే పిల్లల్ని తయారుచేసి గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళే పని ఎవరికీ ఉండకూడదు.

– తల్లిదండ్రుల ప్రతినిధి, రెండో తరగతి బి