బొంబాయి నుంచి అన్నకు ఉత్తరం

బొంబాయి, కామాఠిపుర
18 ఆగస్టు 1935, ఆదివారం

అన్న మల్లయ్య పాదాలకు తమ్ముడు రాజలింగం దండాలు. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం జంధ్యాల పున్నమి నాడు అందింది. ఆ రోజు ఇక్కడ మనవాళ్లందరం గుడి దగ్గర కలిసి జంధ్యాలు మార్చుకున్నాం. నా జీవిత సంగతి తర్వాత రాస్తాను. ముందు నర్సయ్య సంగతి. వచ్చే నెల వాణ్ణి ఓరుగల్లులో రైలెక్కిస్తానని, వాడికి మిల్లులో పని చూడమని రాశావు. అన్నా, వాణ్ణి పంపకు. ఇక్కడి సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. అవ్వ విని ఏడుస్తుందని పైపైనే రాస్తూ వచ్చాను. ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు.

మేముండే ఖోలీ అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. మన ఇంట్లో గుంట మగ్గం పట్టినంత జాగ అనుకో. అందులో తొమ్మిది మందిమి. నెలకు ఏడు రూపాయల కిరాయి పంచుకుంటాం. నలుగురు రాత్రి పాళీ, ఐదుగురం పగటి పాళీ. అందుకే అందరికీ చోటు సరిపోతోంది. నేను పొద్దున లేచిన చాప మీదే, అది చల్లారకముందే, రాత్రి పాళీ నుంచి వచ్చిన పరకాల సాయన్న పడుకుంటాడు. ఆదివారం నాడు తొమ్మిది మందీ ఉంటారు కాబట్టి ఇద్దరు వరండాలోనో మెట్ల కిందో పడుకోవాలి. ఈ ఉత్తరం కూడా మెట్ల మీద కూర్చునే రాస్తున్నాను. పెట్టెలు, బట్టలు, గిన్నెలు అన్నీ గోడకు కొట్టిన మేకులకు వేలాడుతుంటాయి. వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆ గోడ తడి ఆరలేదు.

అంతస్తుకు ఇరవై ఖోలీలు. అన్నిటికీ కలిపి రెండు నల్లాలు, మూడు పాయఖానాలు. నల్లా నీళ్లు తెల్లవారుజామున వస్తాయి. మూడింటికే బిందెలు వరస కడతాయి.

నిరుడు నీ మరదల్ని నాలుగు నెలలకే ఇంటికి ఎందుకు పంపానని నువ్వు కోప్పడ్డావు. మొగుడూ పెళ్లాలకు పొసగలేదని వదిన కూడా అనుకుందట. అది కాదన్నా. లక్ష్మి ఇక్కడ ఒక మూలకు చీర అడ్డం కట్టుకుని ఉండేది. ఆ చీరకు ఇవతల ఆరుగురు మగవాళ్లు. అందరూ మనవాళ్లే, మంచివాళ్లే. కానీ మూడింటికి నీళ్లకు పోవాలి, మగవాళ్లు లేవకముందే పాయఖానాకు పోయి రావాలి. మళ్లీ చీకటి పడేదాకా పోవడానికి కుదరదని పగలు నీళ్లు తాగడం మానేసింది. ఆ సంగతి నాకు రెండు నెలల దాకా తెలియదు. ఒకరోజు జ్వరంలో పెదవులు పగిలి ఉంటే చెంబు అందించాను, వద్దని తల తిప్పుకుంది. అడిగితే అప్పుడు చెప్పింది. మరునాడే టికెట్ తీశాను. ఈ మాట లక్ష్మి అవ్వతో చెప్పి ఉండదు, నువ్వూ చెప్పకు. దానిమీద మాత్రం కోపం పెట్టుకోకు.

ఇక పని. సర్కారు కొత్త చట్టం ప్రకారం ఈ జనవరి నుంచి రోజుకు పది గంటలు, వారానికి 54 గంటలు మించి పని చేయించకూడదు. ఏడింటికి కూత, ఆరింటికి కూత, నడుమ గంటసేపు తిండికి. కానీ ఆరున్నరకే గేటు లోపల ఉండాలి, సాంచె తుడిచి నూనె పెట్టుకోవాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ పూట ఇంకొకడు నా సాంచెల దగ్గర నిలబడతాడు. నాకు రెండు సాంచెలు. ఒకదాని పడుగు తెగితే ముడి వేసేలోపు రెండోదానిలో కండె అయిపోతుంది. ఇంటి దగ్గర బాపు మగ్గం ఆపి చుట్ట వెలిగించుకునేవాడు, నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడది గుర్తొస్తే కడుపులో దేవినట్టవుతుంది.

నూలు పొడిబారి తెగకుండా కిటికీలు మూసి, లోపల ఆవిరి వదులుతారు. ఆ ఉడుకులో దూది పీచు ముక్కులోకి, గొంతులోకి పోతుంది. చప్పుడుకు మాట వినబడదు. పెదవులు చూసి మాట పోల్చుకుంటాం. కండె మార్చినప్పుడల్లా నాడె కన్నానికి నోరు పెట్టి, దారం అవతలికి వచ్చేదాకా గాలి పీల్చాలి. ఒక్కో నాడెను పొద్దంతా ఎందరో పీలుస్తారు, దగ్గేవాడు కూడా. నీలం పేక వేసిన రోజు ఉమ్మితే నీలంగా పడుతుంది. మా ఖోలీలో సాయన్న దగ్గు మొదలై మూడు నెలలైంది. ఈ మధ్య ఉమ్మి చూసుకోవడం మానేశాడు.

పైసల సంగతి నువ్వు అడగాల్సిందే. జూలై జీతం మొన్న పదిహేనో తారీఖున చేతికొచ్చింది, 27 రూపాయలు. గజాల లెక్కన ఇస్తారు. అందులో ఒక తానులో మరక ఉందని దాన్ని నాకే అంటగట్టి ధర పట్టుకున్నారు. నిరుడు ఎండాకాలం జీతాల కోత మీద బొంబాయి మిల్లులన్నిటిలో హర్తాళ్ జరిగినప్పుడు రెండు నెలలు పైస రాలేదు. అప్పుడు ఖానావళికి పడ్డ బాకీ ఇంకా తీరుస్తూనే ఉన్నాను. పనిలో చేరడానికి ముకద్దంకు ఇచ్చిన ఇరవై రూపాయలు పఠాన్ దగ్గర తెచ్చినవే. రూపాయికి నెలకు అణా మిత్తి. అంటే నెల నెలా రూపాయి పావలా మిత్తికే పోతుంది, అసలు అట్లాగే ఉంది.

నర్సయ్య వస్తే వాడికి నా అంత కూడా ఉండదు. బదిలీ పని దొరుకుతుంది, అదీ దొరికితే. పొద్దున గేటు బయట రెండు వందల మంది నిలబడతారు. ఎవరు పనికి రాలేదో చూసి ముకద్దం పదిమందిని పిలుస్తాడు. మిగిలినవాళ్లు వెనక్కి. ఆరు నెలలు నేనట్లా నిలబడ్డాను. వాడికి ఇరవై ఏళ్లు, రోషం ఉన్నవాడు. ఆ గేటు ముందు వాణ్ణి చూడలేను.

ఓరుగల్లులో ఆజం జాహి మిల్లు పెట్టారు కదా, మనవాళ్లు కొందరు అక్కడికే పోదామని ఇక్కడ మాట్లాడుకుంటున్నారు. అక్కడా సాంచె సాంచే, కూత కూతే. లోపల బాగుంటుందని నేను అనను. కానీ అక్కడైతే నెలకోసారి ఇంటికి వచ్చి అవ్వ చేతి గటక తినిపోతాడు. జ్వరమొస్తే నువ్వు పోయి తెచ్చుకుంటావు. ఇక్కడి నుంచి వాడి జంక్షను, సికింద్రాబాదు మీదుగా వచ్చేసరికి మనిషి ఏమవుతాడో తెలియదు. కొత్తవాడలో మన చిన్నమామను అడిగి చూడు. అక్కడ పని దొరికేదాకా వాణ్ణి మగ్గం మీదే కూర్చోబెట్టు.

మగ్గం అమ్ముదామని కూడా రాశావు. దయచేసి అమ్మకు. పఠాన్ అసలు తీరిన నాడు నేను వచ్చి దాని మీదే కూర్చుంటాను.

పన్నెండు రూపాయలు కల్దారు మనియార్డర్ చేశాను, హాలీలో పద్నాలుగు అవుతాయి. అందులో రెండు లక్ష్మి చేతికి విడిగా ఇవ్వు. బాపు తద్దినానికి రాలేను, సెలవు పెడితే సాంచెలు పోతాయి. అవ్వకు, వదినకు దండాలు. నర్సయ్యకు కోపమొస్తుంది, నా మీదే రానీ. జవాబు తొందరగా రాయి.

నీ తమ్ముడు
రాజలింగం