నవంబర్ 1 నుంచి మన బ్రాంచిలో మార్పులు

అందరికీ నమస్తే.

పండుగ సెలవులు అయినప్పటి నుంచి గోదాంలో, టీ బండి దగ్గర ఒకటే ముచ్చట: "హనుమకొండ బ్రాంచి ఎత్తేస్తున్నరట." ఎత్తేయడం లేదు. అయితే మార్పు మాత్రం ఉంది, చిన్నదేం కాదు. హైదరాబాద్ నుంచి నిన్న సాయంత్రం లెటర్ వచ్చింది. ఆ మాట ఈ మాట కలిసి మీ దాకా వచ్చేలోపు ఉన్నది ఉన్నట్టు నేనే చెప్తే మంచిదని రాస్తున్నాను.

నవంబర్ 1 నుంచి మన సేల్స్, కరీంనగర్ సేల్స్ ఒక్కటే. ఫీల్డ్ ఆఫీసర్లంతా ఇక నాకు కాదు, కరీంనగర్‌లోని ఏరియా మేనేజర్ గారికి రిపోర్ట్ చేస్తారు. టూర్ ప్లాన్, లీవు, టీఏ బిల్లు, టార్గెట్ అన్నీ ఆయనే చూస్తారు. బిల్లింగ్, వసూళ్ల లెక్క చూసేవాళ్లు నేరుగా హైదరాబాద్ అకౌంట్స్ కిందికి వెళ్తారు, కూర్చునేది మాత్రం ఇక్కడే. గోదాం, స్టాకు, బండ్లు, హమాలీల పని నా దగ్గరే ఉంటాయి. కరీంనగర్ గోదాం కూడా నాకే ఇచ్చారు. నేనూ ఏరియా మేనేజర్ గారికే రిపోర్ట్ చేస్తాను. నిన్నటిదాకా ఇద్దరిదీ ఒకే హోదా. మొదట చదివినప్పుడు నాకూ మనసుకు కష్టమనిపించింది, దాచుకోవడం ఎందుకు. కానీ కారణం చూస్తే కాదనలేకపోయాను.

కమలాపూర్ సంగతి మీలో కొందరికి తెలుసు. 2016లో జిల్లాలు మారినప్పుడు ఆ మండలం కరీంనగర్ నుంచి వరంగల్ అర్బన్‌లోకి వచ్చింది. 2021లో అదే హనుమకొండ జిల్లా అయింది. మన రూట్ షీట్‌లో చేర్చుకున్నాం, కరీంనగర్ వాళ్లు తమ షీట్‌లోంచి తీయలేదు. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి కూడా అంతే. మొన్న జూన్‌లో కమలాపూర్ డీలర్ షాపు ముందు మన ఆటో, వాళ్ల ఆటో ఒకే రోజు ఆగాయి. రెండింట్లోనూ అవే పత్తి విత్తనాల ప్యాకెట్లు, డిస్కౌంట్ మాత్రం వేరు. ఆయన నాకు ఫోన్ చేసి "సార్, మీ ఇద్దర్ల పైసలు ఎవరికి కట్టాలె?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. జులైలో సగం మాల్ వాపస్ వచ్చింది. మిగతా సగం ఉద్దెర ఇప్పటికీ వసూలు కాలేదు, ఎందుకంటే అది వాళ్ల ఖాతా అని మనం, మన ఖాతా అని వాళ్లు. తప్పులో నాకూ వాటా ఉంది. రెండేళ్ల కిందే కరీంనగర్ వాళ్లతో కూర్చుని తేల్చుకోవాల్సింది.

ఇక అందరూ అడగాలనుకునేది. లెటర్ ప్రకారం వచ్చే మార్చి 31 దాకా ఎవరినీ తీసేయరు, ఎవరి జీతమూ తగ్గదు. ఆ తర్వాతి సంగతి నా చేతిలో లేదు, ఉత్తుత్తి మాట ఇవ్వను. బిల్లింగ్‌లో ఒక సీటు, ఫీల్డ్‌లో ఒక సీటు మాత్రం పోతున్నాయి. ఆ ఇద్దరితో పొద్దునే ఎదురుగా కూర్చుని మాట్లాడాను. ఇక్కడే గోదాం స్టాకు పనికి మారడమా, కరీంనగర్ వెళ్లడమా అన్నది వాళ్లు నవంబర్ 15లోపు చెప్పాలి. ఎవరన్నది వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా దయచేసి ఆరా తీయకండి.

అక్టోబర్ 31 దాకా చేసిన అమ్మకాల ఇన్సెంటివ్ పాత స్లాబ్ ప్రకారమే వస్తుంది. కంపెనీ మారడం లేదు కాబట్టి పీఎఫ్ ఖాతా, యూఏఎన్ నంబర్ అవే, ఫారాలేం నింపక్కర్లేదు. ఈ నెల టీఏ బిల్లులు మాత్రం 30వ తేదీలోపు నాకే ఇవ్వండి. ఆలస్యమైతే కొత్త ఆఫీసు, పాత ఆఫీసు మధ్య తిరుగుతాయి, నేనేం చేయలేను.

ఇంకా తేలనిది సోమవారం మీటింగ్. నర్సంపేట, మహబూబాబాద్ వైపు తిరిగేవాళ్లు ప్రతి వారం కరీంనగర్ పోయి రావాలంటే రోజంతా బస్సులోనే గడుస్తుంది. నెలకు ఒక్కసారి అక్కడికి, మిగతా వారాలు ఫోన్లో పెట్టమని అడిగాను. ఏరియా మేనేజర్ గారు చూద్దాం అన్నారు, ఒప్పుకోలేదు ఇంకా.

డీలర్లకు లెటర్లు ఎల్లుండి వెళ్తాయి. అంతకుముందే ఎవరైనా అడిగితే "రూటు చూసే మనిషి మారితే మేమే వచ్చి కలుపుతాం" అనండి, చాలు. మిర్చికి మందులు కొట్టే రోజులివి, ఆర్డర్లు ఆగొద్దు. అవి ఎప్పటిలాగే మన గోదాం నుంచే వెళ్తాయి.

రేపు పొద్దున తొమ్మిదిన్నరకు గోదాం పైన హాల్లో కలుద్దాం. ఏరియా మేనేజర్ గారు పదకొండుకు వస్తారు. ఆలోపు నన్ను అడగాలనుకున్నవి అడిగేయండి, కోపం ఉన్నా సరే. అందరి ముందు అడగలేనివాళ్లు సాయంత్రం ఆరు దాటాక నా క్యాబిన్‌కు రండి. ఫీల్డ్ ఆఫీసర్లు రూట్ షీట్లు, డీలర్ల బాకీ లిస్టు తప్పకుండా తెచ్చుకోండి. కమలాపూర్ నుంచే మొదలుపెడతాం.

బ్రాంచి మేనేజర్,
హనుమకొండ