బోరు నీళ్లలో ఇనుమెంత? క్యాలిబ్రేషన్ గీతతో ఒక లెక్క

ప్రశ్న: పరకాల దగ్గర ఒక బోరు నీళ్లను 25 మి.లీ. తీసుకుని, హైడ్రాక్సిలమీన్, ఫినాంత్రోలిన్ కలిపి, 50 మి.లీ. ఫ్లాస్కులో గుర్తు దాకా నింపారు. 510 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ 0.324. ఇవే రసాయనాలతో, ఇదే ఫ్లాస్కు ఘనపరిమాణానికి తయారుచేసిన స్టాండర్డుల రీడింగులు: 0, 1, 2, 3, 4 మి.గ్రా./లీ. ఇనుముకు వరుసగా 0.006, 0.203, 0.405, 0.601, 0.800. బోరు నీళ్లలో ఇనుమెంత?

జవాబు: ముందు గ్రాఫ్ గీయండి. అడ్డంగా గాఢత C, నిలువుగా అబ్సార్బెన్స్ A. అయిదు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద పడతాయి కాబట్టి ఈ మేరకు బీర్-లాంబర్ట్ నియమం పనిచేస్తోందని నమ్మొచ్చు. కనిష్ఠ వర్గాల పద్ధతిలో గీత ఇది:

A = 0.1986 C + 0.0058

మనకు A తెలుసు, C కావాలి:

C = (0.324 − 0.0058) / 0.1986 = 1.60 మి.గ్రా./లీ.

చాలామంది పిల్లలు ఇక్కడే పెన్ను మూసేస్తారు. నాకు బాగా బాధ కలిగించే తప్పు ఇదే, ఎందుకంటే కష్టమైన పనంతా చేసేసి చివరి అడుగులో మార్కులు పోగొట్టుకుంటారు. ఈ 1.60 ఫ్లాస్కులోని నారింజ-ఎరుపు ద్రావణంది, బోరుది కాదు. 25 మి.లీ. నీళ్లు 50 అయ్యాయి, అంటే రెండింతలు పలచబడ్డాయి:

1.60 × 50/25 = 3.2 మి.గ్రా./లీ.

సరిచూసుకోవడం తేలికే. 0.324 అనేది 0.203కి, 0.405కి మధ్య ఉంది, కాబట్టి C కూడా 1కి, 2కి మధ్యే ఉండాలి. ఉంది.

0.0058 చిన్నదే కదా అని వదిలేయకండి. ఈ లెక్కలో వదిలేస్తే 3.2 బదులు 3.26 వస్తుంది, పెద్ద తేడా కాదు. అదే రీడింగు 0.020 అయితే 0.14 రావాల్సిన చోట 0.20 వస్తుంది. నీళ్లలో ఇనుము తక్కువున్నప్పుడే ఆ అంకె దెబ్బకొడుతుంది.

ఇంకో బోరు నీళ్లు, అంటే బిందె అడుగున తుప్పురంగు మడ్డి దిగే రకం, ఇలాగే చేస్తే 1.120 చూపిందనుకోండి. సమీకరణంలో పెడితే 5.61 వస్తుంది గానీ అది రాయకూడదు. మన స్టాండర్డులు 4 దగ్గరే ఆగిపోయాయి, ఆ పైన గీత తిన్నగానే పోతుందో వంగుతుందో మనం కొలవలేదు. 25 మి.లీ. బదులు 10 మి.లీ. తీసుకుని మళ్లీ రంగు తెప్పించాలి. అప్పుడు రీడింగు 0.45 దరిదాపుల్లోకి, గీత నడిమధ్యకు వస్తుంది. ఈసారి గుణించాల్సింది 2తో కాదు, 5తో.