తొమ్మిది చుట్లు

సింగపూర్ దాటిన మూడో రోజు మధ్యాహ్నం మెస్‌రూమ్ బల్ల మీద వంటాయన తడిపిన దుప్పటి పరిచాడు. తడిగుడ్డ మీద పళ్ళెం జారదు. వేపుళ్ళు లేవు, నూనె మూకుడు పొయ్యెక్కించనన్నాడు. అందరికీ కిచిడీయే, అదీ గిన్నెలో సగం వరకే.

"గాలి ఎంత రావచ్చు బాబాయ్?" అని అడిగాడు ధనరాజు.

"గాలి జోరు కొలిచే బోఫోర్ట్ లెక్కలో తొమ్మిదో నంబరు," అన్నాడు అప్పన్న తల ఎత్తకుండా. "ముందు తిను. కడుపు ఖాళీగుంటే ఇంకా తిప్పుతాది."

ధనరాజుకి పంతొమ్మిదేళ్ళు. భీమిలి దగ్గర వేటకెళ్ళే కుటుంబం. జీపీ రేటింగ్ కోర్సు ముగించి ట్రైనీ ఓఎస్‌గా, అంటే పని నేర్చుకునే కింది స్థాయి నావికుడిగా, ఎక్కిన మొదటి ఓడ ఇది. అప్పన్నది సోంపేట. ఓడలో బోసన్, అంటే డెక్కు మీద పనిచేసేవాళ్ళందరికీ మేస్త్రీ. ఆఫీసర్ల ముందు బోసన్ సాబ్, మిగతా వేళల్లో బాబాయ్.

ఓడ పొడవు 190 మీటర్లు. సరుకు నింపే ఐదు హోల్డుల్లో విశాఖలో ఎక్కించిన 52,000 టన్నుల ఇనుప ఖనిజం ఉంది. చైనాలోని చింగ్‌దావ్‌కి చేరాలి. డిసెంబరులో దక్షిణ చైనా సముద్రం అంటే ఈశాన్య రుతుపవనానికి ఎదురెళ్ళడమే. చైనా మీద పోగైన చలిగాలి ఒక్కసారిగా దక్షిణానికి దూకితే రెండు మూడు రోజులు ఆగకుండా వీస్తుంది. తుపానులాగా దీనికి కన్నూ లేదు, చుట్టూ తిరిగి తప్పుకుందామంటే అంచూ దొరకదు.

భోజనం కాగానే పని మొదలైంది. చీఫ్ ఆఫీసర్ కేరళ మనిషి. చేతిలో కాగితం పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుతుంటే అప్పన్న మనుషుల్ని పంపాడు. హోల్డుల మీది హాచ్ మూతల్ని పట్టి ఉంచే క్లీట్లన్నీ బిగించాలి. అయితే కింద రబ్బరు వాషరు నలిగేంత బిగించకూడదు, ఓడ వంగినప్పుడు మూత కొంచెం కదలడానికి చోటుండాలి. లంగర్లకు గొలుసు స్టాపరు వేసి, పైనుంచి వైరు కట్టి, టర్న్‌బకిల్‌తో లాగాలి. లంగరు గొలుసు డెక్కు కిందకి దిగే గొట్టాల మూతి సిమెంటు, కాన్వాసులతో మూయాలి. తాళ్ళ చుట్టలు స్టోర్‌లోకి దించాలి. డెక్కు మీద ఇరువైపులా నడుమెత్తున, సిబ్బంది గదులుండే బ్లాకు దగ్గర్నుంచి ముందు దాకా పట్టుకుని నడవడానికి లైఫ్‌లైన్లు కట్టాలి.

ధనరాజుకి పడింది ఫోక్సల్ పని. ఓడ ముక్కు దగ్గరి ఎత్తైన డెక్కు అది. దాని కిందే బోసన్ స్టోర్. ఆ గదికి గాలి ఆడడానికి డెక్కు మీద పుట్టగొడుగు ఆకారంలో రెండు వెంటిలేటర్లున్నాయి. నెత్తిన ఉన్న చక్రం తిప్పితే లోపలి మూత దిగి రబ్బరు మీద కూర్చుంటుంది. కుడి వైపుది తొమ్మిది చుట్లకు గట్టిపడింది. ఎడమ వైపుది మూడు చుట్లకే బిగిసింది. బలంకొద్దీ లాగి చూశాడు, కదల్లేదు. సరే, మూసుకుందనుకున్నాడు. చేతికున్న గ్లౌజు నిండా తుప్పు రజను అంటింది.

రాత్రి ఎనిమిదింటికి గాలి వచ్చింది.

ఇనుప ఖనిజం మోసే ఓడ ఊపే వేరు. సరుకు బరువంతా హోల్డు అడుగునే ఉంటుంది కాబట్టి ఓడ ఒరిగిందంటే పదిసెకన్లలోపే కొరడా ఝళిపించినట్టు వెనక్కి లేస్తుంది. పక్కమీద పడుకుంటే ఒళ్ళు గోడకీ అంచుకీ కొట్టుకుంటోంది. ధనరాజు వాంతి చేసుకున్నాడు, కాసేపాగి మళ్ళీ చేసుకున్నాడు. అప్పన్న వచ్చి పరుపు బయటి అంచు కింద లైఫ్‌జాకెట్ దోపాడు. పరుపు ఇటు లేచి, మనిషి గోడకి ఆనుకుని కదలకుండా ఇరుక్కునేలా చేశాడు.

"అల్లం ముక్క దవడన పెట్టుకో. బిస్కెట్టు తిను, నీళ్ళు గుక్కగుక్కగా తాగు. పన్నెండింటికి వాచ్ డ్యూటీ ఉంది నీకు."

"ఇలాగా?"

"బ్రిడ్జి మీద నిలబడితే ఇంతకన్నా నయం. కళ్ళకి హొరైజన్ ఆనితే సగం తగ్గుతాది. రాత్రి ఆనదనుకో, అయినా కూసున్నదానికన్నా పని మేలు."

పన్నెండింటికి ఓడ నడిపే గది అయిన బ్రిడ్జిలో కెప్టెన్ కూడా ఉన్నాడు. పన్నెండు నాట్ల వేగంతో వచ్చిన ఓడ ఇప్పుడు ఆరు నాట్లతో పోతోంది. ఏడు మీటర్ల అలల్లోకి వేగంగా దూసుకెళితే ముక్కు అడుగుభాగం నీటి మీద దబ్బుమని పడుతుంది. ఆ దెబ్బకి పొడవునా ఓడంతా వణుకుతుంది, పలకలు అతికిన చోట్ల చీలొచ్చే ప్రమాదముంది. వెనక ప్రొపెల్లరు నీళ్ళలోంచి పైకి తేలిందా, అడ్డులేక ఇంజన్ ఒక్కసారిగా రెచ్చిపోతుంది. అందుకే అలను కొట్టకుండా ఎక్కి దిగేంత వేగమే పెడతారు. కిటికీ అద్దంలో ముందు క్రేను దాకా తెల్లటి నురగ తప్ప ఏమీ కనపడటం లేదు.

ఒంటిగంటన్నరకి అలారం మోగింది. ప్యానెల్ మీద ఎర్రదీపం: బోసన్ స్టోర్. ఆ గది నేల మీద పది సెంటీమీటర్ల నీళ్ళు చేరితే మోగేలా బల్క్ ఓడల్లో ముందువైపు సెన్సరు పెడతారు.

నిద్రలోంచి వచ్చిన చీఫ్ ఆఫీసర్ మొదట చేసింది ఇంజన్ రూముకి ఫోను. ఫైర్ పంపు నీటిని ఎడక్టరులోంచి పంపితే ఆ జోరుకి స్టోర్‌లో నీళ్ళు లాక్కుని బయటికి పోతాయి. వాల్వులు దూరం నుంచే తెరవచ్చు, ముందుకెవరూ వెళ్ళనక్కర్లేదు. ఇరవై అయిదు నిమిషాలకి దీపం ఆరింది. అప్పుడు గడియారం చూసి లాగ్‌లో రాసుకున్నాడు. నలభై నిమిషాలకి మళ్ళీ వెలిగింది.

"పైనుంచి వస్తోందా, పక్క పలక చీలిందా?" అన్నాడు కెప్టెన్. అసలు ప్రశ్న అదే. చీలికైతే పెరుగుతుంది, ఓడ తిప్పి ఏదో రేవుకి పరిగెత్తాలి. పైనుంచైతే ఆపవచ్చు.

"ఫోక్సల్ ఎవరు మూశారు?"

ధనరాజు గొంతు తడారిపోయింది. "నేనే సార్."

"ఒక్కోటీ చెప్పు. ఏం చేశావు, ఎలా బిగిసింది?"

"స్టోర్ హాచ్ మూత బోసన్ సాబ్ చూశారు, ఆరు బోల్టులూ వేశాం. కుడి వెంటిలేటరు తొమ్మిది చుట్లు తిరిగింది. ఎడమది మూడే తిరిగింది సార్. తర్వాత కదల్లేదు."

చీఫ్ ఆఫీసర్ అతని మొహంకేసి చూశాడు. "మూడా? ఖాయమేనా?"

"ఖాయం సార్. లెక్కపెట్టాను."

ఒకేలాంటి రెండు వెంటిలేటర్లలో ఒకటి తొమ్మిది తిరిగి ఇంకోటి మూడుకే ఆగిందంటే రెండోది మూసుకోలేదు, తుప్పుకి పట్టేసింది. కెప్టెన్ మాట్లాడకుండా చుక్కాని పట్టిన ఏబీకి, అంటే అనుభవమున్న నావికుడికి, కోర్సు పదిహేను డిగ్రీలు ఎడమకి మార్చమన్నాడు, వేగం నాలుగు నాట్లకి దించాడు. ఇప్పుడు అలలు కుడి బుగ్గ మీద పడుతున్నాయి. ఎడమ వెంటిలేటరు చాటుకి వచ్చింది. పంపు మళ్ళీ లాగేసింది. ఈసారి దీపం రెండు గంటలు గడిచాక గానీ వెలగలేదు. చీలికైతే ఇంత తేడా రాదు. నీళ్ళు పైనుంచే.

"నేను వెళ్ళి మూసేస్తా సార్," అన్నాడు ధనరాజు.

"ఎవరూ వెళ్ళరు," అన్నాడు చీఫ్ ఆఫీసర్. "ఆ డెక్కు మీదికి వచ్చే నీళ్ళు మనిషిని క్రేను కాలికి కొట్టేస్తాయి. తెల్లారనీ."

ఆ తర్వాత కాసేపాగి, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు. "డెర్బీషైర్ అని ఇనుప ఖనిజం ఓడ. 1980 సెప్టెంబరులో జపాన్ దక్షిణాన టైఫూన్‌లో పోయింది, 44 మంది. ఒక దశలో ఫోక్సల్ మీది హాచ్ మూత సిబ్బందే సరిగ్గా వెయ్యలేదన్నారు. 2000లో వచ్చిన విచారణ తీర్పు వాళ్ళ తప్పు కాదంది. ముక్కు మీది వెంటిలేటర్లు, గాలి గొట్టాలు విరిగి ముందు గదులు నిండాయి. ముక్కు దిగేకొద్దీ నీళ్ళు ఇంకా ఎక్కువ ఎక్కుతాయి. చివరికి ఒకటో హాచ్ మూత కూలింది. ఇలాంటి ప్రమాదాల తర్వాతే ఆ ఎర్రదీపం బల్క్ ఓడలన్నిటికీ తప్పనిసరి అయ్యింది."

అలారం మోగినప్పట్నుంచీ ధనరాజుకి కడుపులో తిప్పడం గుర్తే రాలేదు.

తెల్లవారాక గాలి ఏడుకి తగ్గింది. అప్పన్న స్టీరింగ్ గేర్ దగ్గర సామాను సర్దించాడు: కాన్వాసు, పురికొస, పైపు రెంచి, గ్రీజు, తుప్పు వదిలించే నూనె, రెండు చెక్క మేకులు. కాన్వాసుని వెంటిలేటరు నెత్తికి సరిపడా కోసి, అంచు మడిచి కుట్టమని ధనరాజుకి ఇచ్చాడు. "గాలికి చిరిగేది ఎప్పుడూ అంచు దగ్గరే. దగ్గరదగ్గరగా కుట్టు."

తొమ్మిదింటికి కెప్టెన్ అలల లెక్క చూశాడు. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, గుంపు దాటాక కాసేపు సముద్రం కొంచెం సద్దుమణుగుతుంది. ఆ సందులోనే ఇంజన్ పెంచి, చుక్కాని పూర్తిగా తిప్పి ఓడని వెనక్కి మళ్ళించాడు. అడ్డంగా ఉన్న ఒక్క క్షణంలో ఓడ ఇరవై అయిదు డిగ్రీలు ఒరిగింది. వంటగదిలో ఏదో భళ్ళున పగిలింది, వంటాయన తిట్టడం ఇక్కడికి వినిపించింది. తర్వాత అలలు వెనకనుంచి రాసాగాయి, ముందు డెక్కు ఆరింది.

అప్పన్న, ఇద్దరు ఏబీలు నడుముకి హార్నెస్ తగిలించుకుని లైఫ్‌లైన్ వెంట నడిచారు. ధనరాజు బ్రిడ్జి రెక్క మీద బైనాక్యులర్‌తో నిలబడ్డాడు. వాకీటాకీలో అప్పన్న గొంతు: "మూత సగంలో ఉంది సార్. మరలకి పాత పెయింటు గట్టకట్టేసింది. రెంచితో తిప్పుతున్నాం... నాలుగు... ఆరు..." కాసేపు గాలి రొద తప్ప ఏమీ లేదు. "తొమ్మిది. కూసుంది. కాన్వాసు కట్టేస్తున్నాం."

ఇరవై నిమిషాల్లో వాళ్ళు వెనక్కి వచ్చేశారు. ఓడ మళ్ళీ ఈశాన్యానికి తిరిగింది. మధ్యాహ్నం దాకా దీపం వెలగలేదు.

సాయంత్రం అప్పన్న చొక్కా మార్చుకుని వచ్చి ధనరాజు మంచం అంచున కూర్చున్నాడు.

"గట్టిగా ఉంటే మూసుకున్నట్టు కాదు. రబ్బరు మీద గీత చుట్టూ సమంగా పడిందా అని టార్చేసి చూడు. సుద్దముక్క రుద్ది మూస్తే ఇంకా తెలుస్తాది."

"ముందే చెప్పుంటే చూసేవాడిని కదా బాబాయ్."

"నిజమే. చెప్పనేదు." అప్పన్న గడ్డం గోక్కున్నాడు. "ఆ పెయింటు కూడా నా మనుషులు కొట్టిందే. మరల మీద పెయింటు పడనిచ్చింది నేనే కదా."

చింగ్‌దావ్ బయట లంగరేశాక చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా, ఓడ మీది వెంటిలేటర్లన్నిటికీ వైరు బ్రష్షుతో మరలు గీకి గ్రీజు పెట్టే పని ధనరాజుకి పడింది. ఒక్కోదాన్నీ పూర్తిగా తెరిచి, మూసి, ఎన్ని చుట్లో లెక్కపెట్టి చక్రం పక్కనే తెల్ల పెయింటుతో అంకె వేశాడు. చీఫ్ ఆఫీసర్ చూసి బాగుందన్నాడు. అప్పన్న మాత్రం ఫోక్సల్ వెంటిలేటరుకి అవతలి పక్కకెళ్ళి తల వంచి చూశాడు.

"ఒరే, ఇటునుంచి చూస్తే ఇది ఆరులాగుంది. అంకె కింద గీత పెట్టు."