సమీకరణ మూలాల అన్వేషణ: అధ్యాయ సంగ్రహం

అవిచ్ఛిన్న ప్రమేయం f(x) ఒక అంతరం రెండు కొసల వద్ద వ్యతిరేక గుర్తులు కలిగి ఉంటే, ఆ అంతరంలో కనీసం ఒక మూలం ఉండి తీరుతుంది. ద్విభాజన పద్ధతి ఈ ఒక్క ఆధారంతోనే ప్రతి మెట్టులో అంతరాన్ని సగానికి తగ్గిస్తుంది. అంతరం పొడవు 1 నుంచి 10⁻⁶కు తగ్గడానికి 20 మెట్లు పడతాయి. ఇది నెమ్మదే అయినా, ఎన్ని మెట్లు పడతాయో ముందే చెప్పగలగడం దీని అసలు బలం. అయితే (x−1)² వంటి ప్రమేయం గుర్తు మార్చకుండానే అక్షాన్ని తాకుతుంది కనుక అక్కడ ఈ పద్ధతికి పట్టు దొరకదు. 1/x మాత్రం మూలం లేకుండానే సున్న వద్ద గుర్తు మారుస్తుంది కనుక, అవిచ్ఛిన్నతను పరిశీలించకపోతే ఆ బిందువునే మూలంగా పొరబడతాం.

మిథ్యాస్థాన పద్ధతి కొసలను కలిపే సరళరేఖను వాడుతుంది. [0, 1.3] అంతరంలో x¹⁰−1 వంటి బాగా వంగిన వక్రానికి ఒక కొస కదలకుండా ఉండిపోవడంతో, ఇది ద్విభాజన కన్నా వెనుకబడుతుంది.

x = g(x) రూపంలోని స్థిరబిందు పద్ధతికి మూలం వద్ద |g′| < 1 అయితే, తగినంత దగ్గర నుంచి మొదలుపెట్టినప్పుడు అభిసరణ ఖాయం. కానీ వేగం ఆ విలువ మీదే ఆధారపడుతుంది. x = cos x మూలం 0.739085 వద్ద |g′| సుమారు 0.674. అది 0.5 కన్నా ఎక్కువ కాబట్టి ఇక్కడ దోషం ద్విభాజనలో కన్నా నెమ్మదిగా తగ్గుతుంది. ఇదే సమీకరణానికి న్యూటన్-రాఫ్సన్ పద్ధతి 1 నుంచి బయలుదేరి 0.75036, 0.73911, 0.739085 విలువలను వరుసగా ఇస్తుంది.

సరళ మూలానికి దగ్గరగా న్యూటన్ పద్ధతి అభిసరణ క్రమం 2 కనుక, సరైన అంకెల సంఖ్య ప్రతి మెట్టులో దాదాపు రెట్టింపవుతుంది. "దగ్గరగా" అన్న షరతును విద్యార్థులు తరచుగా మరచిపోతారు; ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. x³−2x+2 ప్రమేయానికి 0 నుంచి మొదలుపెడితే 0, 1, 0, 1 అంటూ అంతులేని చక్రం ఏర్పడుతుంది. x ఘనమూలానికి ప్రతి మెట్టూ xₙ₊₁ = −2xₙ అవుతుంది కాబట్టి, ఎంత దగ్గర నుంచి మొదలుపెట్టినా మూలానికి దూరమవుతూనే ఉంటాం. అవకలజం సున్నకు చేరువైతే స్పర్శరేఖ మనల్ని ఎక్కడికో విసిరివేస్తుంది. m సార్లు పునరావృతమయ్యే మూలం వద్ద దోషం ప్రతి మెట్టులో సుమారు (1−1/m) వంతుకు మాత్రమే తగ్గుతుంది. m తెలిసి దిద్దుబాటును m రెట్లు చేస్తే పాత వేగం తిరిగి వస్తుంది.

ఛేదన రేఖా పద్ధతికి అవకలజం అక్కరలేదు, అభిసరణ క్రమం సుమారు 1.618. మెట్టుకు ఒక్క కొత్త ప్రమేయ విలువే చాలు కనుక, అవకలజాన్ని లెక్కించడం ఖరీదైనప్పుడు మొత్తం శ్రమలో ఇది న్యూటన్‌ను మించవచ్చు. వరుసగా వచ్చిన రెండు f విలువలు దాదాపు సమానమైతే భాగహారం నమ్మదగినది కాదు. పైగా మూలం అంతరంలోనే ఉండిపోతుందన్న హామీ కూడా లేదు.

అందువల్ల ఆచరణలో, 1973లో బ్రెంట్ ప్రచురించిన పద్ధతి వంటి మిశ్రమ విధానాలను ఎంచుకోవడమే మంచిది. అవి మూలాన్ని అంతరంలో బంధించి ఉంచి, వేగవంతమైన అడుగు నమ్మదగనిదైనప్పుడు ద్విభాజనకు మళ్ళుతాయి. ఏ పద్ధతి వాడినా, |f(x)| చిన్నదైనంత మాత్రాన ఆగకూడదు: (x−1)¹⁰ విలువ x = 1.1 వద్దే 10⁻¹⁰ అయినా, మూలం ఇంకా 0.1 దూరంలో ఉంది.