ఐదో తరగతి నోటిలెక్కల అభ్యాసపత్రం

ఈ పత్రంలోని లెక్కలను నిలువు వరుసలో పేర్చకుండా మనసులోనే చేసి, జవాబుతో పాటు ఏ దారిన చేశారో ఒక్క వాక్యంలో రాయండి. జవాబు తప్పినా దారి సరైనదైతే సగం మార్కులు వస్తాయి.

మొదటి భాగం: పదులు చేయడం

47 + 38 చేయాలంటే 38 నుంచి 3 తీసి 47కు ఇవ్వండి. అప్పుడు అది 50 + 35, అంటే 85 అవుతుంది.

1) 9 + 6
2) 68 + 25
3) 7 + 16 + 3 + 4 (ముందుగా జతలను వెతకండి.)

రెండో భాగం: ఒకదాన్ని రెట్టింపు, ఇంకొకదాన్ని సగం

పలాసలో ఒక దుకాణదారు 250 గ్రాముల జీడిపప్పు పొట్లాలు 14 కట్టించాడనుకోండి. రెండేసి పొట్లాలను కలిపితే 500 గ్రాములవి 7 అవుతాయి కనుక మొత్తం 3,500 గ్రాములు, అంటే మూడున్నర కిలోలు. 13 × 27లో రెండూ బేసి సంఖ్యలే కాబట్టి అక్కడ ఈ పద్ధతితో కుస్తీ పట్టకండి.

4) 18 × 5
5) 16 × 25
6) 35 × 12

మూడో భాగం: దగ్గరి సంఖ్యతో సర్దుబాటు

346 + 198లో 198 బదులు 200 కలిపితే 546 వస్తుంది, ఎక్కువ కలిపిన 2 తీసేస్తే 544. ఇది అందరికీ వస్తుంది, తడబాటంతా తీసివేతలోనే.

పొందూరులో 198 రూపాయల ఖాదీ తువ్వాలు కొని 500 రూపాయల నోటు ఇచ్చారనుకోండి. దుకాణదారు ధరను 200గా అనుకుని మీ చేతిలో 300 పెడితే, మీ దగ్గర 2 రూపాయలు ఎక్కువ పట్టుకున్నట్టే కదా? ఆ రెండూ మీకు తిరిగి రావాలి కాబట్టి జవాబు 302. కూడికలో తీసేసిన అలవాటు కొద్దీ ఇక్కడా తీసేసి 298 అని రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అనుమానం వస్తే తువ్వాలునూ నోటునూ తలచుకోండి.

గుణకారంలో ఇంకో జాగ్రత్త కావాలి. 6 × 49ని 6 × 50గా చేస్తే 300 వస్తుంది, కానీ ఆరుసార్లు ఒక్కొక్కటి ఎక్కువైంది కనుక తీసేయాల్సింది 1 కాదు, 6. జవాబు 294.

7) 463 + 99
8) 600 − 297
9) 7 × 29
10) ఒక విద్యార్థి 402 − 199 = 201 అని రాశాడు. అతను ఎక్కడ పొరబడ్డాడో మీ మాటల్లో వివరించండి.
11) 45 × 18ని రెండు వేర్వేరు దారుల్లో చేసి, మీకు ఏది తేలికగా అనిపించిందో, ఎందుకో రాయండి.

ఇంట్లో సరిచూసే పెద్దలకు జవాబులు: 1) 15, 2) 93, 3) 30, 4) 90, 5) 400, 6) 420, 7) 562, 8) 303, 9) 203, 10) 200 తీసివేశాక వచ్చిన 202కు 1 కలపాల్సింది పోయి తీసేశాడు, సరైన జవాబు 203, 11) 810, దీన్ని 90 × 9గా చేయవచ్చు, లేదా 45 × 20 నుంచి 90 తీసివేయవచ్చు.